చింతగింజలు, మూడుసార్ల పాట

వేదిక మీదున్న పెద్దలకు, చిత్తూరు చుట్టుపక్కల బడుల నుంచి ఇంత ఎండలో వచ్చిన టీచర్లందరికీ నమస్కారం. నాకిచ్చిన టైం తక్కువ, నేరుగా విషయానికి వస్తాను.

మా బడిలో 1, 2 తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. మొత్తం 26 మంది. చింతగింజలతో కూడికలు అయ్యాక కథకి కూర్చోవాలి. ఒకరోజు గోడగడియారం చూస్తూ లెక్కపెట్టాను. "గింజలు తీసి పెట్టండి" అని చెప్పినప్పటి నుంచి కథ మొదటి మాట చెప్పేదాకా 7 నిమిషాలు. ఇలాంటి మార్పులు రోజుకి ఆరు. అంటే 40 నిమిషాలకి పైనే. ఒక పీరియడ్ అంతా అందులోనే పోతోంది.

పిల్లల్ని ఆపి నావైపు తిప్పుకోవడానికి చప్పట్లు అప్పటికే వాడుతున్నాను. టప్ టప్, టపటపటప అని నేను కొడితే వాళ్లు తిరిగి కొట్టాలి. మొదటి నెల బాగానే నడిచింది. తర్వాత కొడుతున్నారు, మాట్లాడుతూనే ఉన్నారు. తప్పు నాది. అల్లరి ఎక్కువైతే చప్పట్లు కొట్టేదాన్ని, భోజనానికి కొట్టేదాన్ని, ఎవరో తలుపు దగ్గరికొస్తే కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి అర్థమేంటో పిల్లలకెట్లా తెలుస్తుంది? ఒక్కసారి చేతులెత్తండి, పిల్లలు ఆగకపోతే చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారు? నేనూ అదే చేశాను. గట్టిగా కొట్టేకొద్దీ వాళ్ల గొంతులూ పెరిగాయి.

తర్వాత ఒకే అర్థం పెట్టుకున్నాం. చేతిలోది కింద పెట్టు, తిరిగి కొట్టు, నావైపు చూడు. గింజలు పట్టుకుని చప్పట్లు కొట్టలేరు కదా, అందుకే ఆ పద్ధతి పనిచేస్తుంది. సగంమందే కొడితే రెండోసారి మెల్లగా కొడతాను. అందరి చేతులూ ఖాళీ అయ్యేదాకా నోరు తెరవను. ఆ తర్వాత ఒక్క వాక్యమే చెబుతాను: "గింజలు డబ్బాలోకి, డబ్బా గూట్లోకి, మనం చాప మీదికి." ఈ మాటలనే పాటగా పాడతాం.

పాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మొదట్లో అందరూ సర్దేదాకా పాడుతూ ఉండేదాన్ని. నిదానంగా చేసేవాళ్లు ఎంత సాగదీస్తే పాట అంత సాగేది. దాంతో పాటకి ముగింపే లేకుండా పోయింది. ఇప్పుడు సరిగ్గా మూడుసార్లే. మొదటిసారి పాడేటప్పుడు గింజలు ఏరడం, రెండోసారి డబ్బా గూట్లో పెట్టడం, మూడోసారి చాప మీద కూర్చోవడం. పాట ఎక్కడుందో వింటే తానెక్కడుండాలో పిల్లకి తెలుస్తుంది. గడియారం చూడ్డం రాని వయసులో అదే వాళ్ల గడియారం. పాట అయిపోయాక మళ్లీ మొదలుపెట్టను. మిగిలిన గింజలు పక్కవాళ్ల సాయంతో మౌనంగా ఏరుకుంటారు. ఒక వారం పాఠంతో పని లేకుండా రోజూ రెండుసార్లు దీన్నే సాధన చేయించాను. మూడో వారానికి 7 నిమిషాలు 2 అయ్యాయి.

అసలు నేను చెప్పాలని వచ్చింది ఇది కాదు. రెండో తరగతిలో ఒక పాప ఉండేది. చప్పట్లకి అందరితో పాటే కొట్టేది. పాట మొదలైతే మాత్రం కదిలేది కాదు. పక్కపిల్ల డబ్బా తీసుకుని లేచాక గాని తన గింజలు ముట్టేది కాదు. మొండితనం అనుకున్నాను. రెండుసార్లు అందరి ముందూ కసిరాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

ఒకరోజు నేను బోర్డు వైపు తిరిగి రాస్తూనే పాట ఎత్తుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ పాప నన్ను చూడ్డం లేదు, పక్కపిల్ల చేతుల్ని చూస్తోంది. చప్పట్లు కంటికి కనిపిస్తాయి, అందరి చేతులూ ఒక్కసారే లేస్తాయి. పాటలో చూడ్డానికి ఏమీ లేదు. వాళ్లమ్మని పిలిచి చెప్పాను, తిరుపతి తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించారు. రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువని తేలింది. రెండేళ్లు బడికొచ్చిన పిల్ల అమ్మా! అక్షరాలు వెనకబడ్డాయని మనమే రిపోర్టులో రాశాం.

అప్పటి నుంచి పాట ఎత్తుకునే ముందు చెయ్యి పైకెత్తుతాను. మొదటిసారి పాడేటప్పుడు ఒక వేలు, రెండోసారి రెండు, మూడోసారి మూడు. ఆ పాపకి కనిపించే చోట నిలబడి, నా పెదాలు కూడా కనబడేలా పాడతాను. నాలుగు రోజుల్లో ఆమె డబ్బా అందరితో పాటే గూట్లోకి చేరింది.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. రేపు మీ తరగతిలో పాట మొదలుపెట్టినప్పుడు చివరగా కదిలే పిల్ల ఎవరో చూడండి. వారం రోజులు అదే పేరు వస్తోందా, చప్పట్లకి ముందుండి పాటకి వెనకబడుతోందా, రాసిపెట్టుకోండి. అలా వస్తుంటే కసరకముందే ఆ పిల్ల వెనక నిలబడి, మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. తిరగకపోతే అదే సాయంత్రం వాళ్లమ్మకి చెప్పండి.