గన్నవరం నుంచి బెంగళూరు, మళ్లీ వెనక్కి: ఫ్లైట్ టికెట్ మీద జీఎస్టీ క్రెడిట్ ఎక్కడ జారిపోతుంది?

[స్క్రీన్ మీద: ఈమెయిల్‌లో వచ్చిన ఈ-టికెట్]

నమస్తే అండీ. ఇక్కడ కనిపిస్తున్నది గన్నవరం నుంచి బెంగళూరుకి తీసిన రిటర్న్ టికెట్. పీఎన్ఆర్ ఉంది, ప్రయాణికురాలి పేరు ఉంది, కట్టిన డబ్బు ఉంది, కింద పన్నుల మొత్తం కూడా ఉంది. చాలామంది ఫ్రీలాన్సర్లు ఈ పీడీఎఫ్‌ని దాచిపెట్టి, మార్చి నెలాఖరులో ఆడిటర్ గారికి వాట్సాప్ చేస్తారు. ఆయన వెంటనే అడిగేది ఒక్కటే: "ఇది టికెట్టండీ, ఇన్వాయిస్ ఏది?"

టికెట్ ఏ రూపంలో ఉన్నా, ఇన్వాయిస్‌లో ఉండాల్సిన వివరాలు ఉంటే దాన్నే ఇన్వాయిస్‌గా తీసుకోవచ్చని జీఎస్టీ నిబంధనల్లో ఉంది. కానీ ఈ టికెట్‌ని పైనుంచి కిందిదాకా చూడండి. కొన్నవాళ్ల జీఎస్టీ నంబర్ ఎక్కడా లేదు. ఆ నంబర్ లేకపోతే ఎయిర్‌లైన్ లెక్కల్లో మీరు మామూలు ప్రయాణికులు. మీరు కట్టిన పన్ను మీ ఖాతా వైపు క్రెడిట్‌గా రాదు, అంటే మీరు క్లయింట్ల దగ్గర వసూలు చేసి కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేరు.

ఈ వీడియో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల కోసం. సర్వీసులు చేసేవాళ్లకి ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ మామూలుగా తప్పనిసరి, అంతకన్నా తక్కువ ఉన్నా కొందరు తీసుకుంటారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి ఈ క్రెడిట్ గొడవ లేదు, పన్నుతో సహా మొత్తం ఖర్చు కిందే రాసుకుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక వీడియో ఎడిటర్, క్లయింట్ బెంగళూరులో. షూట్ కోసం రెండు రోజులు వెళ్లి రావాలి. టికెట్ ఒక ట్రావెల్ యాప్‌లో బుక్ చేస్తున్నారు.

[స్క్రీన్ మీద: బుకింగ్ పేజీలో జీఎస్టీ వివరాల పెట్టె]

క్రెడిట్ వస్తుందా పోతుందా అన్నది దాదాపుగా ఇక్కడే తేలిపోతుంది. ప్రయాణికుల వివరాల కిందో, పేమెంట్‌కి ముందో ఒక చిన్న టిక్ బాక్స్ ఉంటుంది. కొన్ని యాప్‌లలో దాన్ని మడిచి పెడతారు, నొక్కితేగానీ తెరుచుకోదు. తెరిస్తే మూడు గడులు: జీఎస్టీ నంబర్, పేరు, ఈమెయిల్.

నంబర్‌లో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది మీ పాన్. టైప్ చేయకండి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేయండి. ఒక్క అక్షరం తప్పినా బిల్లు మీకు చేరదు. పేరు గడిలో సర్టిఫికెట్ మీద ఉన్న లీగల్ నేమ్ రాయండి. ఫ్రీలాన్సర్ ప్రొప్రైటర్ కాబట్టి అది మీ సొంత పేరే అవుతుంది, ఇన్‌స్టాలో పెట్టుకున్న స్టూడియో పేరు కాదు. ఈమెయిల్ మాత్రం మీరు రోజూ చూసేది ఇవ్వండి, ఇన్వాయిస్ అక్కడికే వస్తుంది.

ప్రయాణం అయిపోయాక నంబర్ చేర్చమని అడిగితే చాలాసార్లు కుదరదంటారు. అందుకే పేమెంట్ నొక్కేముందు ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీరు నంబర్ ఇచ్చినా యాప్ దాన్ని ఎయిర్‌లైన్‌కి పంపకపోతే, కస్టమర్ కేర్‌తో మాట్లాడటానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

[స్క్రీన్ మీద: మూడు పీడీఎఫ్‌లు పక్కపక్కన]

ఇప్పుడు అసలు విషయం. ఆవిడ చేసింది ఒకే బుకింగ్, కట్టింది ఒకేసారి. కానీ ఇన్వాయిస్‌లు మూడు. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, మీ టికెట్‌లో వేరేగా ఉంటాయి.

మొదటిది గన్నవరం నుంచి బెంగళూరుకి, ఎయిర్‌లైన్ ఇచ్చినది. పన్ను పడే మొత్తం 4,200 రూపాయలు. ఎకానమీ క్లాస్‌కి జీఎస్టీ 5 శాతం కాబట్టి కేంద్రం వాటా సీజీఎస్టీ 105, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ 105. ఎయిర్‌పోర్టు చార్జీలు 700. మొత్తం 5,110.

రెండోది తిరుగు ప్రయాణానిది, ఇచ్చింది అదే ఎయిర్‌లైన్. కానీ ఈసారి పైన ఉన్న ఎయిర్‌లైన్ నంబర్ 29తో మొదలవుతుంది, అంటే కర్ణాటక రిజిస్ట్రేషన్. పన్ను పడే మొత్తం 4,600, ఐజీఎస్టీ 230, ఎయిర్‌పోర్టు చార్జీలు 900. మొత్తం 5,730.

మూడోది ట్రావెల్ యాప్ వాళ్ల కన్వీనియెన్స్ ఫీజు. 500 రూపాయలు, దాని మీద 18 శాతం, అంటే 90. మొత్తం 590.

కార్డు నుంచి పోయింది 11,430. అందులో క్రెడిట్‌గా వచ్చేది 210, 230, 90 కలిపి 530 రూపాయలు. ఖర్చు కింద పుస్తకాల్లో రాసేది మిగిలిన 10,900. క్రెడిట్ తీసుకున్న 530ని మళ్లీ ఖర్చులో కలపకూడదు.

ఇక్కడ ఒక అడ్డదారి చాలామంది తొక్కుతుంటారు. టికెట్ మొత్తం 10,840 కదా, దానికి 5 శాతం కట్టేస్తే 542 అని లెక్క వేసుకుంటారు. అది తప్పు. ఎయిర్‌పోర్టు చార్జీలను ఎయిర్‌లైన్ ఎయిర్‌పోర్టు తరఫున వసూలు చేసి వాళ్లకి ఇస్తుంది, వాటి మీద ఎయిర్‌లైన్ తన పన్ను వేయదు. క్రెడిట్ అంకె ఎప్పుడూ ఇన్వాయిస్‌లో రాసి ఉన్నదే తీసుకోవాలి, మనం కాల్క్యులేటర్‌తో రాబట్టకూడదు.

అలాగే యాప్ పంపిన 590 బిల్లుని చూసి ఇన్వాయిస్ వచ్చేసింది అనుకోవద్దు. అది వాళ్ల ఫీజుకి మాత్రమే. ప్రయాణం ఇన్వాయిస్ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో, పీఎన్ఆర్, ఈమెయిల్ ఇచ్చి విడిగా దించుకోవాల్సి రావచ్చు.

[స్క్రీన్ మీద: ఇన్వాయిస్‌లో Place of Supply వరుస, దగ్గరగా]

వెళ్లేటప్పుడు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడి, వచ్చేటప్పుడు ఐజీఎస్టీ ఎందుకు పడింది? ఈ Place of Supply వల్ల. జీఎస్టీ నంబర్ ఇచ్చిన ప్రయాణికుడికి విమాన ప్రయాణం ఆ నంబర్ ఉన్న రాష్ట్రంలో జరిగినట్టు లెక్క. బిల్లు ఇచ్చిన ఎయిర్‌లైన్ రిజిస్ట్రేషన్ కూడా అదే రాష్ట్రానిదైతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి, వేరే రాష్ట్రానిదైతే ఐజీఎస్టీ పడుతుంది. నంబర్ ఇవ్వకపోతే మాత్రం ఎక్కిన ఊరు ఏ రాష్ట్రంలో ఉంటే అదే. తిరుగు ప్రయాణాన్ని చట్టం వేరే ప్రయాణంగానే చూస్తుంది, ఒకేసారి టికెట్ తీసినా సరే.

మన వైపు వాళ్లకి దీనివల్ల పెద్ద చిక్కు శంషాబాద్‌లో వస్తుంది. గుంటూరు నుంచి బస్సులో హైదరాబాద్ వెళ్లి, అక్కడి నుంచి ఢిల్లీకో ముంబైకో ఎక్కేవాళ్లు ఎంతమందో. నంబర్ సరిగ్గా ఇస్తే ఆ ఇన్వాయిస్‌లో Place of Supply ఆంధ్రప్రదేశ్ అని, పన్ను ఐజీఎస్టీ అని ఉండాలి. అలా కాకుండా తెలంగాణ అని, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని వచ్చిందనుకోండి. పన్ను అంతే కట్టారు, కానీ ఆ ఎస్‌జీఎస్టీ తెలంగాణది, 37 నంబర్ ఉన్న మీకు ఆ బిల్లు మీద క్రెడిట్ రాదు. జీఎస్టీ పోర్టల్ కూడా దాన్ని క్రెడిట్ రాని బిల్లుల కిందే చూపిస్తుంది. అందుకే ఇన్వాయిస్ చేతికి రాగానే మొత్తం చదవకపోయినా మూడు చోట్ల చూడండి: మీ నంబర్, Place of Supply, పన్ను రకం. తేడా కనిపిస్తే అదే రోజు ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టండి. వాళ్లు తమ రిటర్న్ వేయకముందే అయితే సరిచేయడం తేలిక.

[స్క్రీన్ మీద: జీఎస్టీ పోర్టల్, GSTR-2B]

పీడీఎఫ్ ఉన్నంత మాత్రాన క్రెడిట్ మీది కాదు. ఎయిర్‌లైన్ ఆ బిల్లుని తన రిటర్న్‌లో చూపించాలి, అది మీ GSTR-2B లోకి రావాలి. ఈ పట్టిక ప్రతి నెలా 14న తయారవుతుంది. జులై ఇన్వాయిస్‌లు ఆగస్టు 14న చూసుకోవచ్చు. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉంటే త్రైమాసికం అయ్యాక వస్తుంది.

ఇన్వాయిస్ నంబర్‌తో వెతకండి. ఎయిర్‌లైన్ పేరుతో వెతికితే రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు రెండు వేర్వేరు వరుసల్లో ఉంటాయి, ఒకటి చూసి రెండోది లేదని కంగారు పడతారు. నిజంగానే లేకపోతే ఆ నెల ఆ బిల్లు క్రెడిట్ తీసుకోకండి. పీడీఎఫ్ పక్కన ఉంచుకుని, ఎయిర్‌లైన్‌ని అడిగి, తర్వాతి నెలల్లో వచ్చినప్పుడు తీసుకోండి. 2025-26 బిల్లులకి 2026 నవంబర్ 30 దాకా గడువు ఉంది, వార్షిక రిటర్న్ అంతకుముందే వేసేస్తే ఆ రోజుతోనే సరి.

టికెట్ రద్దు చేస్తే ఎయిర్‌లైన్ క్రెడిట్ నోట్ ఇస్తుంది. అదీ ఇదే పట్టికలో కనిపిస్తుంది. డబ్బు వెనక్కి వచ్చింది కాబట్టి ముందు తీసుకున్న క్రెడిట్‌లో ఆ మేరకు తగ్గించుకోవాలి. దీన్ని మర్చిపోతే వడ్డీతో కట్టమని నోటీసు వస్తుంది.

ఇక కాగితాలు దాచే పద్ధతి. ఒక్కో ప్రయాణానికి ఒక ఫోల్డర్, ఫైళ్ల పేర్లు ఇలా:

```
2025-07-10_VGA-BLR_airline_invoice.pdf
2025-07-12_BLR-VGA_airline_invoice.pdf
2025-07-05_app_fee_invoice.pdf
2025-07-10_client_mail.pdf
```

ఆ చివరి ఫైలు చిన్నది కాదు. ఇన్వాయిస్ మీరు పన్ను కట్టారని చెబుతుందే తప్ప పని మీద వెళ్లారని చెప్పదు. షూట్ తేదీలున్న క్లయింట్ మెయిల్, ఆ పనికి మీరు వేసిన బిల్లు, బోర్డింగ్ పాస్ ఉంటే ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది. అదే టికెట్‌లో ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్తే వాళ్ల సీట్ల ఖర్చు, క్రెడిట్ రెండూ మీ లెక్కలోకి రావు. ఒకే పీఎన్ఆర్ మీద తీస్తే విడదీయడం తలనొప్పి, వాళ్లకి వేరే బుకింగ్ చేయండి.

ఇన్‌కమ్ ట్యాక్స్ వైపు ఒక మాట. ఆడిటర్ గార్లు 44ఏడీఏ అనే పద్ధతిలో, అంటే వచ్చిన ఫీజులో కనీసం సగం లాభంగా చూపించి పన్ను కట్టే పద్ధతిలో మీరు ఉంటే, ఆ 10,900ని విడిగా ఖర్చు కింద తీసేయడానికి లేదు. మిగతా సగంలో అన్ని ఖర్చులూ కలిసిపోయినట్టే. కానీ 530 జీఎస్టీ క్రెడిట్‌కి దానితో సంబంధం లేదు, అది మామూలుగానే వస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి "నాకు బిల్లులు అవసరం లేదులే" అని వదిలేసేవాళ్లని తరచూ చూస్తుంటాను.

టికెట్ డబ్బు క్లయింట్ ఇస్తానంటే రెండు దారులున్నాయి. క్లయింటే తన జీఎస్టీ నంబర్‌తో బుక్ చేస్తే ఇన్వాయిస్ వాళ్లది, మీ పుస్తకాల్లోకి ఏమీ రాదు. మీరు మీ నంబర్‌తో బుక్ చేసి తర్వాత వసూలు చేసుకుంటుంటే, క్రెడిట్ ఎలాగూ తీసుకున్నారు కాబట్టి బిల్లులో 11,430 కాకుండా 10,900 వేసి, మీ ఫీజుతో పాటు దాని మీద కూడా 18 శాతం జీఎస్టీ వేయాలి. ఎడిటింగ్ ఫీజు ఒక వరుస, ప్రయాణ ఖర్చు ఇంకో వరుస, రెండూ ఒకే బిల్లులో.