విడాకుల తరువాత పుట్టింటి ఇంటిపేరు: డిక్రీ చాలుతుందా, గెజిట్ కావాలా?

(చెన్నైలోని ఒక తెలుగు స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుండి)

సంచాలకురాలు: పుట్టింటి ఇంటిపేరుకు మారదలచిన వివాహిత, తన భర్త అంగీకార పత్రమైనా, విడాకుల డిక్రీ అయినా ఇవ్వాలన్న, ప్రభుత్వ గెజిట్‌లో పేరుమార్పులు ప్రచురించే కేంద్ర ప్రచురణల శాఖ నిబంధనను ఒక మహిళ 2024లో ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశారు. అందరికీ సమాన సమయం ఇస్తాను. తన పేరుకు భర్త సంతకం ఎందుకండీ?

న్యాయవాది: డిక్రీ చేతికి వచ్చిన స్త్రీకి ఆ సంతకంతో పని లేదు. చిక్కు డిక్రీలోనే ఉంది. పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పిటిషన్ వేసేటప్పుడు ఆధార్‌లో ఉన్న అత్తింటి పేరే రాస్తారు. డిక్రీ పెళ్లి రద్దయిందని చెబుతుంది గాని, పదో తరగతి సర్టిఫికెట్‌లోని అమ్మాయి ఈమే అని చెప్పదు.

విశ్రాంత అధికారి: అందుకే గెజిట్ ఉన్నది. పాత పేరూ కొత్త పేరూ...

న్యాయవాది: నన్ను పూర్తి చేయనివ్వండి. పిటిషన్ శీర్షికలోనే రెండు పేర్లూ రాయించి, తరువాత డిక్రీలోనూ అవి అలాగే వచ్చాయో లేదో చూసి సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే, చాలా చోట్ల గెజిట్ అవసరమే రాదు.

సంచాలకురాలు: భర్త అనుమతి మాట మాత్రం మిగిలే ఉంది కదా?

విడాకులు పొందిన ఉపాధ్యాయిని: నా డిక్రీలో ఒక్క పేరే ఉంది. పదో తరగతిలో నాకు నాన్నగారి ఇంటిపేరు ఇనీషియల్. పెళ్లయ్యాక ఆధార్, పాన్, పాస్‌పోర్టు అన్నీ ఆయన ఇంటిపేరుకు మార్చాను. డిక్రీ పట్టుకుని వెళితే బ్యాంకువారు ఈ రెండు పేర్లనూ కలిపే కాగితం అడిగారు. నోటరీ అఫిడవిట్ చాలదన్నారు. చివరకు తమిళనాడు గెజిట్‌లో వేయించాను, కానీ అందులో నా చిరునామా కూడా...

న్యాయవాది: చూశారా! అది ముందే పిటిషన్‌లో...

విశ్రాంత అధికారి: చిరునామా లేకపోతే ఆ పేరుగల వ్యక్తి ఎవరో ఎలా తెలుస్తుందండీ? పైగా ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే సులువుగా మారుతుంది. పెళ్లికి ఒకటి అయిపోయింది. రెండోసారి అక్షరం తప్పు పడితే గెజిట్ తప్పదు.

ఉపాధ్యాయిని: ఆ భయంతోనే నేను ముందు గెజిట్ తీసుకుని, అందులోని అక్షరాలే ఆధార్‌లోనూ, తరువాత పాన్‌లోనూ...

సంచాలకురాలు: పాస్‌పోర్టుకైతే భర్త పేరు అడగరు కదా?

న్యాయవాది: 2016 డిసెంబరు మార్పుల తరువాత విడాకులు పొందినవారు భర్త పేరు గాని డిక్రీ గాని ఇవ్వనక్కరలేదు. అయితే అది జీవిత భాగస్వామి గడికి సంబంధించినది. పేరే మారితే ఆధారం చూపాల్సిందే. అందుకే మళ్లీ చెబుతున్నాను, పిటిషన్ శీర్షికలో...

విశ్రాంత అధికారి: డిక్రీ వచ్చేసినవాళ్లు ఏం చేయాలండీ?

న్యాయవాది: అదే కోర్టుకు దరఖాస్తు పెట్టుకుని...

విశ్రాంత అధికారి: ఆ తిరుగుడు కంటే గెజిట్ సులువు!

సంచాలకురాలు: సమయం మించింది. భర్త సంతకం ఎందుకన్న ప్రశ్నకు జవాబు రాలేదు. న్యాయవాదిగారూ, చివరి మాట మీదే.

న్యాయవాది: శీర్షికలో రెండు పేర్లూ రాయండి.

ఉపాధ్యాయిని: నా బ్యాంకు విషయం ఇంకా...