ఖాళీ గడిలో సగటు వేస్తే ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. సర్వే పూర్తయ్యాక డేటా తెరవగానే ముందు కళ్లకు కనపడేవి ఖాళీ గడులే. అన్నిటికంటే ఎక్కువగా ఆదాయం ప్రశ్న దగ్గర. ఈ రోజు ఆ ఒక్క కాలమ్ గురించే మాట్లాడతాను. లెక్క చేతితో వేసుకునేలా పదిమందినే తీసుకుందాం.

అయిదుగురు బడితో చదువు ఆపినవాళ్లు. వాళ్ల నెల ఆదాయం వేలల్లో 10, 12, 14, 16, 18. మిగతా అయిదుగురు డిగ్రీ చదివినవాళ్లు. వాళ్లవి 26, 28, 30, 32, 34. పదిమంది అసలు సగటు 22. ఇప్పుడు డిగ్రీవాళ్లలో ముగ్గురు, అంటే 26, 30, 34 వాళ్లు, ఆదాయం చెప్పలేదనుకోండి. ఏడుగురి జవాబులే మన చేతికొచ్చాయి.

మొదటి దారి, ఖాళీ ఉన్న వరసలు తీసేయడం. చాలా సాఫ్ట్‌వేర్లు మనల్ని అడక్కుండానే ఈ పని చేసేస్తాయి. మిగిలిన ఏడుగురి సగటు 18.6. అసలు 22 కదా, చాలా కిందకి వచ్చింది. ఎందుకంటే వెళ్లిపోయినవాళ్లంతా ఎక్కువ సంపాదించే గుంపువాళ్లే. అయితే ఈ పద్ధతిని మరీ తిట్టిపోయక్కర్లేదు. డిగ్రీవాళ్లకూ మిగతావాళ్లకూ తేడా ఎంత అని అడిగితే, మిగిలిన ఇద్దరి సగటు 30, బడివాళ్లది 14, తేడా 16. అసలు తేడా కూడా అంతే. ఇక్కడ అంకెలు అచ్చంగా కలిసిరావడం నేను ఎంచుకున్న విలువల వల్లే. కానీ జవాబు రాకపోవడం చదువును బట్టే జరిగి, మన విశ్లేషణలో చదువు కూడా ఉంటే, తీసివేత ఆ తేడాను ఒక పక్కకు లాగదు. మొత్తం సగటు మాత్రం చెడుతుంది.

రెండో దారి చాలామందికి ఇష్టమైనది: ఆ మూడు గడుల్లో 18.6 వేసేయడం. పట్టిక నిండుగా కనిపిస్తుంది, పదిమందీ ఉంటారు. సగటు మారిందా? లేదు, అదే 18.6. మారినవి వేరే ఉన్నాయి. డిగ్రీవాళ్ల సగటు 30 నుంచి 23.1కి పడిపోయింది. తేడా 16 కాస్తా 9.1 అయింది. అంటే చదువుకూ ఆదాయానికీ ఉన్న సంబంధాన్ని మన చేత్తో మనమే పలచన చేశాం. ఇక సగటు తాలూకు స్టాండర్డ్ ఎర్రర్, అంటే మన సగటు ఎంత అటూ ఇటూ ఊగొచ్చో చెప్పే అంకె, చూడండి. ఏడుగురితో 3.14 ఉన్నది, ఇప్పుడు 2.14కి దిగింది. కొత్త సమాచారం ఒక్క ముక్క కూడా రాలేదు, అయినా నమ్మకం పెరిగిపోయింది! ఈ పద్ధతితో నాకున్న పెద్ద పేచీ ఇదే. తప్పు సమాధానాన్ని గట్టి గొంతుతో చెబుతుంది.

మూడో దారి మల్టిపుల్ ఇంప్యుటేషన్, అంటే ఖాళీలను పలుమార్లు వేర్వేరుగా నింపడం. దీన్ని గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ ప్రతిపాదించాడు. 1987లో దీనిపై పుస్తకం తెచ్చాడు. ఇది ఖాళీ గడిలో ఒకే అంకె వేయదు. చదువును, తెలిసిన ఇతర వివరాలను బట్టి ఆ మనిషి ఆదాయం ఎంత ఉండొచ్చో అంచనా కట్టి, ఆ అంచనా చుట్టూ సహజంగా ఉండే చెదురును కూడా కలిపి ఒక విలువ తీస్తుంది. ఒక కాపీలో 27 రావచ్చు, మరో దానిలో 33. అలా అయిదో ఇరవయ్యో పూర్తి కాపీలు తయారుచేసి, ఒక్కోదాని మీద విడిగా లెక్క వేసి, చివర్లో జవాబులను కలుపుతాం. కొందరు కాపీలనే సగటు చేసి ఒక పట్టిక చేసుకుంటారు. అలా చేస్తే ఇంత శ్రమా వృథా, తిరిగి ఒకే అంకె దగ్గరికి వచ్చినట్టే.

మన పదిమందికి అయిదు కాపీల సగటులు 21.2, 22.6, 21.8, 23.0, 21.4 వచ్చాయనుకుందాం. (ఇద్దరి జవాబులతో ముగ్గురివి నింపడం నిజంగా ఎవరూ చేయకూడదు, లెక్క చూపించడానికే ఇది.) వాటి సగటు 22.0. స్టాండర్డ్ ఎర్రర్‌కు రెండు ముక్కలు కలపాలి. ఒక్కో కాపీలో సగటు తాలూకు వేరియన్స్, అంటే స్టాండర్డ్ ఎర్రర్ వర్గం, సుమారు 8 అనుకుందాం. కాపీల సగటుల మధ్య వేరియన్స్ 0.6. ఈ రెండోదాన్ని కాపీలు అయిదే కాబట్టి 1.2తో గుణిస్తాం:

T = 8 + (1 + 1/5) × 0.6 = 8.72

దాని వర్గమూలం 2.95. పదిమందీ జవాబు చెప్పి ఉంటే 2.83 వచ్చేది. తెలియనితనం ఎంతో అంత ఈ అంకెలో కనిపిస్తోంది.

ఇంప్యుటేషన్ మోడల్‌లో ఏం పెట్టాలి అన్నది తరచూ వచ్చే ప్రశ్న. తర్వాత విశ్లేషణలో వాడబోయేవన్నీ ఇక్కడ కూడా ఉండాలి, ఫలితం కాలమ్‌తో సహా. అది వదిలేస్తే నింపిన విలువలకు దానితో సంబంధం లేకుండా పోతుంది, సగటు వేసినప్పటి జబ్బే కొంత తిరగబెడుతుంది. ఇంకోటి, నింపే ముందు ఆ గడి నిజంగా ఖాళీయేనా చూసుకోండి. ఉద్యోగం లేనివాళ్లను జీతం ప్రశ్న దాటించి ఉంటే అక్కడ నింపడానికి ఏమీ లేదు.

ఈ పద్ధతికీ ఒక గోడ ఉంది. ఒకే చదువున్నవాళ్లలో కూడా బాగా సంపాదించేవాళ్లే నోరు విప్పకపోతే? జవాబు చెప్పినవాళ్లకూ చెప్పనివాళ్లకూ వయసు, చదువు, వృత్తిలో తేడా ఉందేమో పట్టికలో చూడొచ్చు. కానీ దాచిన ఆదాయమే దాచడానికి కారణమైతే, దాన్ని ఏ పరీక్షా మన డేటా నుంచే తేల్చలేదు. అప్పుడు చేయగలిగింది, నింపిన విలువలను 10 శాతం, ఆపైన 20 శాతం పెంచి మళ్లీ లెక్క కట్టడం. 10 శాతానికే తీర్మానం తిరగబడితే, రిపోర్టులో ఆ మాట సగటు పక్కనే రాయాలి, అనుబంధంలో కాదు.