షుగర్ దిగడం లేదా? మందును తిట్టే ముందు పొట్ట తడిమి చూడండి

“నాన్నగారికి ఉదయం ఇన్సులిన్ 24 యూనిట్ల నుంచి 36కు పెంచారు. అయినా షుగర్ దిగడం లేదు. మేము కొన్నది నకిలీ మందేనా అండీ?” అమలాపురం దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి.

అమ్మా, మందుల దుకాణం మీదికి వెళ్లే ముందు నాన్నగారి పొట్ట మీద చెయ్యి పెట్టు. దుకాణాల్లో నకిలీ మందులు అమ్ముతున్నారన్న గొడవ మొదలైనప్పటి నుంచి ఈ కోనసీమలో షుగర్ దిగని ప్రతి ఇంటికీ అదే సాకు దొరికింది. నేను చెప్పేది ఒక్కటే. బొడ్డు పక్కన గడ్డ ఉంటే అసలు మందు కూడా నకిలీ మందులాగే పనిచేస్తుంది!

ఆ అమ్మాయి వీడియో తీసి పంపింది. బొడ్డుకు కుడి పక్కన నిమ్మకాయంత ఉబ్బు. ఏళ్ల తరబడి సూది అక్కడే. ఎందుకంటే, “అక్కడైతే నొప్పి తెలియదమ్మా” అన్నారట ఆయన. నొప్పి తెలియకపోవడమే అసలు చిక్కు! ఇన్సులిన్‌కు కొవ్వును పెంచే గుణం ఉంది. ఒకే చోట పొడుస్తూ పోతే చర్మం కింద కొవ్వు గట్టిపడి గడ్డ కడుతుంది, స్పర్శ తగ్గుతుంది. నొప్పి లేదని మళ్లీ అక్కడే పొడుస్తారు. ఆ గడ్డలోంచి మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. ఒక రోజు ఆలస్యంగా, ఒక రోజు సగం, ఒక రోజు ఒక్కసారిగా.

కంటికి కనిపించని గడ్డలూ ఉంటాయి. స్నానం చేసేటప్పుడు సబ్బు చేతి వేళ్లతో గుండ్రంగా రుద్దుతూ తడమండి. మిగతా చోట్ల మెత్తగా ఉండి ఒక చోట రబ్బరులా తగిలితే అదే. నన్నడిగితే, పొట్ట తడమకుండా డోసు పెంచిన చీటీ చెల్లదు. డాక్టర్లకు కోపం వస్తే రానివ్వండి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ నాన్నగారు నా మాట సగం విని, మర్నాడు ఎడమ పక్కన మంచి చర్మంలో అదే 36 వేసుకున్నారు. పదకొండు గంటలకు చెమటలు, వణుకు. మిషన్‌లో చూస్తే 58! నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, అన్నం పెట్టారు. మంచి చోట మందు పూర్తిగా ఎక్కుతుంది కదా! అందుకే చోటు మార్చే రోజుకు ముందే డాక్టరును అడిగి డోసు తగ్గించుకోవాలి, ఆ వారం షుగర్ ఎక్కువసార్లు చూసుకోవాలి. గడ్డ మీద పొడవడం మానేస్తే నెలల మీద అదే కరుగుతుంది.

చోటు మార్చడమంటే ఇష్టం వచ్చినట్టు పొడవడం కాదు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి పొట్టను నాలుగు భాగాలు చేసుకోండి. వారానికి ఒక భాగం. అందులోనూ నిన్న పొడిచిన చోటికి వేలి వెడల్పు దూరంలో ఈ రోజు పొడవాలి. ఉదయం పొట్ట, సాయంత్రం తొడ అని చెప్పి ఉంటే ఆ వరుస మార్చకండి. పొట్టలో మందు త్వరగా ఎక్కుతుంది, తొడలో నెమ్మదిగా.

ఇన్సులిన్ పెన్నుకు సూది 4 మిల్లీమీటర్లదైతే చాలు. పెద్దవాళ్లలో లావు, సన్నం ఎవరికైనా చర్మం దాటుతుంది. నిలువుగా గుచ్చండి. ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి మొనన చుక్క వచ్చిందో లేదో చూడండి. బొత్తాం సున్నా దాకా నొక్కాక పది లెక్కపెట్టి అప్పుడు తీయండి. అయిదు లెక్కకే లాగితే చర్మం మీద చుక్క కారుతుంది. ఆ కారిన మందు యూనిట్లలో ఎవరు లెక్కవేస్తారు?

వాడిన సూదిని పెన్నుకే ఉంచి బీరువాలో పెట్టే పిసినారితనం మాత్రం వద్దు. మన ఎండలకు మందు వ్యాకోచించి కారుతుంది, చల్లబడితే గాలి లోపలికి పోతుంది. అదే సూదితో పదేపదే పొడిస్తే మొన వంగి చర్మం చీరుతుంది, గడ్డలకు అదీ ఒక కారణం.

ఇక తీసిన సూది ఎక్కడికి పోతోంది? కాలువలోకి! అదే కాలువ నీళ్లు పొలాలకు వెళ్తాయి, ఆ బురదలో చెప్పులు లేకుండా ఆడవాళ్లు నాట్లు వేస్తారు. లోపలి చిన్న మూత తిరిగి పెట్టబోతే వేలే గుచ్చుకుంటుంది. బయటి పెద్ద మూతతో తిప్పి తీసి, ఖాళీ ఫినాయిల్ సీసా లాంటి మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేయండి. నీళ్ల సీసా వద్దు, సూది దాన్ని పొడుచుకుని వస్తుంది. ముప్పావు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, “సూదులు” అని రాసి, చెత్తబండి అబ్బాయికి చేతికిచ్చి విడిగా చెప్పండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంట్లోని సూదుల్ని ప్రమాదకర చెత్తగానే లెక్కకట్టాయి, తడి చెత్తతో కలపకూడదు. బండి రాని ఊళ్లో ఆరోగ్య కేంద్రం తీసుకుంటుందేమో అడగండి. సూదుల డబ్బా అమ్మే దుకాణం నిండిన సీసా ఎందుకు వెనక్కి తీసుకోదో, అది మీరు కౌంటరు దగ్గర నిలబడి అడగండి. ఏమన్నారో కింద రాయండి, వచ్చే వీడియోలో చదువుతాను.