ప్యాకప్‌కూ మర్నాటి కాల్ టైమ్‌కూ మధ్య: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. షూటింగు యూనిట్లలో, ఈవెంట్లలో పనిచేసేవారిని పనికి రమ్మని ఇచ్చే కాల్ టైముల గురించి, ఆ రోజుకు పని ముగిసిందని చెప్పే ప్యాకప్ తర్వాత దొరకవలసిన విశ్రాంతి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. ముప్పై ఏళ్లకు పైగా ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి విరమించిన అతిథి మనతో ఉన్నారు. మొదటి ఫోను హైదరాబాదులోని కృష్ణానగర్ నుంచి వస్తోంది. చెప్పండి.

శ్రోత (కృష్ణానగర్): నమస్కారం సార్. నేను లైట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. మొన్న రాత్రి తొమ్మిదింటికి ప్యాకప్ చెప్పి, మర్నాడు పొద్దున ఆరింటికి కాల్ ఇచ్చారు. మధ్యలో తొమ్మిది గంటలు ఇచ్చాం కదా అని మేనేజరు గారు అంటున్నారు. నేను మాత్రం నాలుగు గంటలు కూడా పడుకోలేదు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

అతిథి: లెక్క తప్పింది ప్యాకప్ అనే మాట దగ్గరే. డైరెక్టరు గారు ఆ మాట అన్నప్పుడు నటీనటులకు పని అయిపోతుంది, మీకు మాత్రం రెండో పని మొదలవుతుంది. లైట్లు చల్లారేదాకా ఆగాలి, కేబుళ్లు చుట్టాలి, స్టాండ్లు దించి వ్యానులో సర్దాలి, ఆ తర్వాతే బస్సు ఎక్కాలి. పొద్దున కూడా అంతే, అందరికంటే ముందు చేరేది మీరే. అందుకని నేను కుర్రాళ్లకు ఎప్పుడూ ఒకటే చెప్పేవాణ్ణి: కాల్ టైము చూడవద్దు, ఇంటి తలుపు చూడండి. రాత్రి మీరు తలుపు తీసుకుని లోపలికి వెళ్లిన నిమిషం నుంచి, పొద్దున మళ్లీ తలుపు వేసుకుని బయటికి వచ్చిన నిమిషం దాకా ఉన్నదే విశ్రాంతి. ఆ రెండు టైములూ ఒక వారం పాటు చీటీ మీద రాసి మేనేజరు గారికి చూపించండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి శ్రోత ఫిల్మ్‌నగర్ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత (ఫిల్మ్‌నగర్): నమస్కారం సార్. నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. ఎవరు ఎన్నింటికి రావాలో రాసే కాల్ షీటు తయారుచేసి అందరికీ పంపే పని నాదే. అసలు సంగతి ఏమిటంటే, మా షూటింగు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో జరుగుతోంది. నిర్మాత గారు అక్కడ బస పెట్టలేదు కాబట్టి యూనిట్ అంతా రోజూ హైదరాబాదు నుంచి వెళ్లి వస్తోంది. మాకు ఒక సూర్యోదయం షాటు ఉంది. డైరెక్టరు గారు చాలా రోజులుగా అడుగుతున్నారు, ఆకాశం బాగుంటే చాలంటున్నారు. రేపటి రాత్రి సీను తొమ్మిదింటి దాకా వెళ్తుంది, ఎల్లుండి పొద్దున ఆరింటికి ఆ షాటు పెట్టాలి. హీరో గారి డేట్లు ఎల్లుండితో అయిపోతాయి. నేను ఎలా వేసినా ఎవరో ఒకరు నన్ను తిడుతున్నారు. దీనికి కాల్ ఎలా వేయాలి సార్?

అతిథి: బస్సు ప్రయాణం ఎంతసేపు, బాబూ?

శ్రోత: రెండు గంటలు పడుతుంది సార్.

అతిథి: కాగితం ఉంటే రాసుకోండి. తొమ్మిదింటికి ప్యాకప్ అయితే, లైట్లు సర్దేసరికి పదింబావు అవుతుంది. అప్పుడు బస్సు బయల్దేరితే కృష్ణానగర్ చేరేది పన్నెండుంబావుకు. ఎల్లుండి ఆరింటికి షాటు అంటే యూనిట్ అయిదింటికల్లా కొండ మీద ఉండాలి, కాబట్టి బస్సు మూడింటికి బయల్దేరాలి. మీ కాల్ షీటు మీద తొమ్మిది గంటలు కనపడుతున్నాయి. లైట్‌మన్‌కు మిగిలింది రెండు గంటల నలభై అయిదు నిమిషాలు, అందులోనే అన్నం తినాలి, స్నానం చెయ్యాలి. ఇంకొకరు ఉన్నారు, ఆయన్ని మీరు లెక్కలోకే తీసుకోలేదు.

శ్రోత: మేకప్ వాళ్లా సార్?

అతిథి: కాదు, బస్సు డ్రైవరు. ఆయన మీ అందర్నీ దింపి, బండి షెడ్డులో పెట్టి, తన ఇంటికి చేరేసరికి పన్నెండుం ముప్పావు. మళ్లీ రెండున్నరకు షెడ్డులో ఉండాలి. దారి తీసేస్తే ఆయనకు గంటన్నరే దక్కుతుంది. యాభై మంది ప్రాణాలు ఆయన కళ్ల మీద ఆధారపడి ఉంటాయి. డ్రైవరు ఎప్పుడు పడుకున్నాడో అడగకుండా కాల్ షీటు పంపవద్దు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టంలోనే, ఒక రోజు డ్యూటీ దిగిన తర్వాత మర్నాటి డ్యూటీ ఎక్కేలోపు వరుసగా కనీసం తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలని రాశారు. మనం ఆ అంకెను కెమెరాకు వర్తింపజేసుకుని, డ్రైవరును మరిచిపోయాం.

శ్రోత: అర్థమైంది సార్. కానీ సూర్యోదయం ఆరింటికే వస్తుంది కదా, దాన్ని నేను వెనక్కు జరపలేను. అక్కడే రెండు రూములు తీసుకుంటే సరిపోతుందా?

అతిథి: యూనిట్ మొత్తానికి బస పెట్టినా సరిపోదు. పదింబావుకు సర్దడం అయిపోయి, లాడ్జికి చేరేసరికి పదిం ముప్పావు అనుకోండి. పొద్దున నాలుగున్నరకు బయల్దేరాలి. అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు వస్తాయి. ప్రయాణం తగ్గింది, విశ్రాంతి మాత్రం చాలినంత రాలేదు. మీరు యూనిట్‌ను రెండుగా విడదీయాలి. సూర్యోదయం షాటుకు పెద్ద లైట్లు, జనరేటరు అక్కర్లేదు. హీరో, ఆయన మేకప్‌మన్, కాస్ట్యూమర్, కెమెరా వైపు నలుగురు, మీరు కాకుండా ఇంకొక అసిస్టెంటు, అందర్నీ కలిపినా పది మందికి మించరు. రేపు హీరో గారు ఎన్నింటికి వెళ్లిపోతారు?

శ్రోత: ఆయన భాగం సాయంత్రం అయిదింటికి అయిపోతుంది సార్. రాత్రి సీనులో ఆయన లేరు.

అతిథి: అయితే ఆయనతో పాటే మేకప్‌మన్‌నూ కాస్ట్యూమర్‌నూ కూడా పంపించండి, అందరూ అక్కడే లాడ్జిలో పడుకుంటారు. కెమెరాకు రేపు రాత్రి పనిచెయ్యని వాళ్లను వేరుగా పిలవండి, వాళ్లు సాయంత్రానికే కొండ దగ్గరికి చేరాలి. కారు వేరు, డ్రైవరు వేరు. మిగిలిన పెద్ద యూనిట్‌కు ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండింటికి కాల్ వెయ్యండి. బస్సు పదింటికి బయల్దేరుతుంది, పన్నెండుంబావుకు దిగినవాళ్లకు తొమ్మిది గంటల నలభై అయిదు నిమిషాలు దొరుకుతాయి. డ్రైవరుకు షెడ్డు దారి పోగా ఎనిమిదిన్నరే మిగులుతుంది కాబట్టి, బస్సుకు రెండో డ్రైవరును మాట్లాడండి.

శ్రోత: బాగుంది సార్. కానీ పన్నెండింటికి కాల్ అంటే సగం రోజు పోయిందని నిర్మాత గారు అంటారు. హీరో గారి డేటు కూడా ఎల్లుండితోనే అయిపోతుంది కదా. ఆరింటికే అందర్నీ పిలిచి, మధ్యాహ్నం మూడింటికే వదిలేస్తే కుదరదా? విశ్రాంతి తర్వాత తీసుకుంటారు కదా.

అతిథి: మీరు మళ్లీ మొదటికే వచ్చారు. తర్వాత ఇచ్చే విశ్రాంతి, ఆ పొద్దుటి మూడింటి ప్రయాణానికి పనికివస్తుందా? మనిషి పదిహేడు గంటలు నిద్రపోకుండా ఉంటే, అతని చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఒక పరిశోధన చూపించింది. మన దేశంలో తాగి నడిపినట్టు కేసు రాసే హద్దు 0.03 శాతం. అంటే తాగినవాడిని పోలీసులు ఆపుతారు గానీ, నిద్రలేనివాడిని ఆపే యంత్రం వాళ్ల దగ్గర లేదు. అదే ఏడాది అమెరికాలో ఒక కెమెరా అసిస్టెంటు పంతొమ్మిది గంటల పనిదినం ముగించుకుని ఇంటికి కారు నడుపుకుంటూ పోతూ, నిద్రలోకి జారి ప్రాణం పోగొట్టుకున్నాడు. హాస్కెల్ వెక్స్‌లర్ అనే పేరున్న ఛాయాగ్రాహకుడు ఆ తర్వాతనే పన్నెండు గంటల పని, పన్నెండు గంటల విశ్రాంతి అని ఊరూరా అడగడం మొదలుపెట్టారు. నిర్మాత గారు సగం రోజు పోయిందంటే, ఏ సగం పోయిందో కాగితం మీద చూపించండి. హీరో ఉన్న సీన్లను పన్నెండు తర్వాత మొదట పెట్టండి. ఆయన కూడా పొద్దున షాటు తర్వాత కాసేపు పడుకుని వస్తారు.

శ్రోత: ఒక్క చిన్న ప్రశ్న సార్. కాల్ షీటు సాయంత్రం నాలుగింటికే అందరికీ పంపుతాను. తొమ్మిదికి అనుకున్న ప్యాకప్ పదకొండు అయిపోతే ఏం చెయ్యాలి?

అతిథి: ఇది మంచి ప్రశ్న, ముందే అడిగి ఉండవలసింది. నాలుగింటికి పంపిన టైమును దేవుడి వాక్కులా పట్టుకోవడం వల్లే సగం గొడవలు వస్తాయి. ప్యాకప్ ఎంత జరిగితే కాల్ అంత జరుగుతుందని షీటు కిందనే ఒక వాక్యం రాయండి. రెండు గంటలు ఆలస్యమైతే పన్నెండు కాల్ రెండు అవుతుంది. బస్సు ఎక్కేముందే గ్రూపులో కొత్త టైము పెట్టాలి, ఇంటికి వెళ్లాక పెడితే నిద్రపోయినవాడు చూడడు. అన్ని డిపార్ట్‌మెంట్లకు ఒకే టైము వెయ్యకండి. రాత్రి ఆఖరున బండి ఎక్కినవాడిని చూసి ఆ డిపార్ట్‌మెంటు కాల్ వెయ్యాలి.

వ్యాఖ్యాత: చాలా విషయాలు వచ్చాయి, ధన్యవాదాలు. విజయవాడ నుంచి తర్వాతి శ్రోత.

శ్రోత (విజయవాడ): నమస్కారమండీ. మాది ఈవెంట్ల పని, ట్రస్సులనే లోహపు చట్రాలూ ఎల్‌ఈడీ గోడలూ కడతాం. పెళ్లిళ్ల సీజనులో శంషాబాదులో రాత్రి రెండింటికి విప్పి, పొద్దున విజయవాడలో కట్టవలసి వస్తుంది. సినిమా వాళ్లకు చెప్పిన లెక్క మాకూ వర్తిస్తుందా?

అతిథి: మీకు ఇంకా గట్టిగా వర్తిస్తుందండీ. మీ వాళ్లు ఎత్తు మీద నిలబడి బోల్టులు బిగిస్తారు. విప్పిన జట్టు, కట్టే జట్టు ఒకటే కాకూడదు. రెండింటికి విప్పడం మొదలుపెట్టిన మనుషులు సామాను ఎక్కించేసరికి నాలుగో అయిదో అవుతుంది. ఆ లారీలోనే వాళ్లను ఎక్కించి తెల్లవారుజామున హైవే మీదికి పంపవద్దు. లారీ సామానుతో వెళ్లనివ్వండి, కట్టేవాళ్లు విజయవాడలోనే ముందు రాత్రి పడుకుని లేచినవాళ్లై ఉండాలి. రెండో జట్టుకు మనుషులు లేకపోతే రెండో ఆర్డరు ఒప్పుకోకండి.

శ్రోత: ఆర్డరు వదులుకుంటే పార్టీ మళ్లీ...

వ్యాఖ్యాత: క్షమించండి, లైన్ కట్టయింది. మణికొండ నుంచి ఇంకొకరు.

శ్రోత (మణికొండ): నమస్తే సార్. నేను కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటును. టైము దాటితే డబుల్ కాల్షీటు అని రెండు షిఫ్టుల కూలీ ఇస్తున్నారు కదా, మరి విశ్రాంతి గురించి ఎందుకు పట్టుబట్టాలి?

అతిథి: డబుల్ కాల్షీటు నిన్న చేసిన పనికి డబ్బు, అమ్మా. అది రేపటి నిద్ర కాదు. కొన్ని దేశాల్లో నిర్ణీత విశ్రాంతి పూర్తికాకముందే మనిషిని పిలిస్తే విడిగా జరిమానా కట్టిస్తారు. పిలవడం ఖరీదయితే మేనేజరే ఆలోచిస్తాడని దాని ఉద్దేశం. అదనపు గంటల డబ్బును, తగ్గిన విశ్రాంతికి పరిహారాన్ని రెండు వేర్వేరు పద్దులుగా అడగమని మీ యూనియన్‌కు చెప్పండి. ఒకటే పద్దు చేస్తే జనం బేటా డబ్బుల కోసం నిద్ర అమ్ముకుంటారు.

వ్యాఖ్యాత: చివరి కాల్, క్లుప్తంగా అడగండి.

శ్రోత (హయత్‌నగర్): సార్, నేను యూనిట్ బస్సు డ్రైవరునే. నా నిద్ర సంగతి ఈ రోజు మొదటిసారి రేడియోలో విన్నాను. నేను ఎవరికి చెప్పుకోవాలి?

అతిథి: బండి యజమానికి చెబితే సరిపోదు తమ్ముడూ, కాల్ వేసిన మేనేజరుకే చెప్పండి. తాళం చేతికి తీసుకునేముందు, నిన్న బండి ఎప్పుడు పెట్టారో ఇవాళ ఎప్పుడు తీస్తున్నారో ఫోనులో ఆయనకు రాసి పెట్టండి. మీరు రాస్తే, తర్వాత నాకు తెలియదని ఆయన అనలేడు.

శ్రోత: రాస్తాను సార్. రేపు మూడింటికే బండి తీయాలి.

అతిథి: ఇప్పుడు టైము రాత్రి తొమ్మిదిన్నర. ఫోను పెట్టేసి పడుకోండి.

వ్యాఖ్యాత: అతిథికీ శ్రోతలకూ ధన్యవాదాలు. ఇంతటితో ఈ కార్యక్రమం సమాప్తం.