పొద్దున మొదటి అడుగే చెబుతుంది: పరుగెత్తేవాళ్ళ మడమ నొప్పి

[దృశ్యం: మంచం అంచున కూర్చున్న మనిషి, నేల మీద ఆనబోతున్న పాదం]

నిద్ర లేచి నేల మీద కాలు పెట్టగానే మడమ కింద, కాస్త లోపలి వైపున సూదితో పొడిచినట్టు ఉంటుంది. కాసేపు నడిచాక సర్దుకుంటుంది, సాయంత్రానికి మళ్ళీ మొదలవుతుంది. పరుగెత్తేవాళ్ళలో ఇలా ఉంటే చాలావరకు అది ప్లాంటార్ ఫాసియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి పొడవునా ఒక గట్టి పట్టీ ఉంటుంది. అది మడమకు అతుక్కునే చోట ఓర్చుకోగలిగినదానికంటే ఎక్కువ భారం పడుతోందన్నమాట. ఎక్స్‌రేలో మడమ దగ్గర ముల్లులా ఎముక పెరిగిందని చెబితే కంగారు పడకండి. ఏ నొప్పీ లేని చాలామందికి కూడా అది ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో నలభై ఏళ్ళ ఉద్యోగి. వారానికి 20 కిలోమీటర్లు హాయిగా పరుగెత్తేవాడు. ఆగస్టులో హాఫ్ మారథాన్ ఉందని మూడు వారాల్లో దాన్ని 35కి పెంచాడు, ఫ్లైఓవర్లు ఎక్కడం మొదలుపెట్టాడు. అదే సమయంలో మడమ దగ్గర ఎత్తు తక్కువున్న కొత్త షూస్ కొన్నాడు. ఇంటి నుంచే పని కాబట్టి రోజంతా టైల్స్ మీద వట్టి కాళ్ళతో తిరుగుతాడు. ఇన్ని కలిశాక మడమ తట్టుకోలేదు.

[దృశ్యం: నోట్‌బుక్‌లో తేదీ, పక్కన నొప్పి అంకె]

అతను పరుగు పూర్తిగా మానాలా? కుంటుతూ నడవాల్సి వస్తే మానాలి. లేకపోతే మునుపటి 20 కిలోమీటర్లలో దాదాపు సగానికి తగ్గిస్తే చాలు. వారానికి మూడు రోజులు, 4 కిలోమీటర్ల చొప్పున, చదునైన రోడ్డు మీద. ఎత్తులు, వేగం ఇప్పుడు వద్దు. మిగతా రోజుల్లో సైకిలో ఈతో పెట్టుకోవచ్చు.

ఆ 4 కిలోమీటర్లు సరిపోయాయో లేదో మర్నాడు పొద్దున తెలుస్తుంది. మొదటి అడుగు నొప్పికి పదికి ఎంతో రాసుకోవాలి. సోమవారం 4 కిలోమీటర్లు, పరుగులో నొప్పి 2. మంగళవారం పొద్దున నొప్పి ఎప్పటిలాగే 4. అంటే పర్లేదు. బుధవారం ఉత్సాహంగా 6 కిలోమీటర్లు వెళ్ళాడు, పరుగులో పెద్దగా తెలియలేదు. గురువారం పొద్దున నొప్పి 6! శుక్రవారం 3 కిలోమీటర్లకు దిగాలి. పరుగులో నొప్పి 3 దాటకుండా, పొద్దున అంకె పెరగకుండా వారమంతా గడిస్తేనే, తర్వాతి వారం ఒక్కో పరుగుకు అర కిలోమీటరో, కిలోమీటరో కలపాలి. వేడెక్కిన కాలికి నొప్పి తెలియదు, అందుకే పరుగు బాగా సాగిందన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

[దృశ్యం: గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి]

ఇక పిక్కలు. పిక్క బిగుసుకుపోతే చీలమండ సరిగా వంగదు, ఆ లాగుడంతా అరికాలి పట్టీ మీద పడుతుంది. నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మోకాలు నిటారుగా ఉంచి, మడమ నేలకు అదిమి ముందుకు వాలండి. 30 సెకన్లు, మూడుసార్లు. వెనక పాదం వేళ్ళు చూడండి, దాదాపు అందరికీ బయటికి తిరిగిపోతాయి. అలా తిరిగితే పిక్క సాగదు, వేళ్ళు గోడ వైపే ఉండాలి. తర్వాత అదే మోకాలు కొంచెం వంచితే సాగుడు కిందికి, మడమ వైపుకి దిగుతుంది. అదీ అంతసేపే. రోజుకు రెండు పూటలా చేయాలి.

మంచం దిగకముందే ఇంకొకటి. కాలు మోకాలి మీద వేసుకుని, వేళ్ళను వెనక్కి లాగి పట్టుకోండి. రెండో చేత్తో అరికాలు తడిమితే పట్టీ తాడులా బిగిసి తగులుతుంది. అలా 10 సెకన్లు, పదిసార్లు చేశాకే కాలు కింద పెట్టండి.

[దృశ్యం: రెండు చేతుల్లో షూ, మెలి తిప్పుతూ]

షూ మధ్యలో పట్టుకుని తిప్పితే గుడ్డలా మెలి తిరగకూడదు. ముందు భాగం కంటే మడమ కింద 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుంటే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. కానీ నా దృష్టిలో షూస్ కంటే ఇంటి నేల ముఖ్యం. షూస్ వేసుకునేది గంట, టైల్స్ మీద నిలబడేది పది గంటలు. ఇంట్లోకి మాత్రమే మెత్తటి చెప్పుల జత ఒకటి పెట్టుకోండి, వంటగదిలో కూడా విప్పకండి.

ఇది వారంలో తగ్గే నొప్పి కాదు, నెలలు పడుతుంది. అందుకే కొందరు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు తొందరపడతారు. నొప్పి కొన్నాళ్ళు తగ్గుతుంది, కానీ పట్టీ తెగే ప్రమాదం కొంత ఉంటుంది. తగ్గింది కదా అని వెంటనే పరుగెత్తకూడదు.

[దృశ్యం: మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కడం]

చివరగా ఈ పరీక్ష చేసుకోండి. మడమను రెండు పక్కల నుంచి గట్టిగా నొక్కితే బాగా నొప్పిగా ఉందంటే ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. రాత్రిపూట నొప్పి, వాపు, తిమ్మిర్లు ఉన్నా, రెండు మడమలతో పాటు పొద్దున నడుము కూడా పట్టేస్తున్నా ఈ వ్యాయామాలతో సరిపెట్టుకోవద్దు. పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి.