పెడన పువ్వు, పోచంపల్లి గడి, మధ్యలో మంగళగిరి ప్లెయిన్

నమస్కారం అండీ. ఇవాళ బట్టల గురించి మాట్లాడుకుందాం, కొత్తవి కొనడం గురించి కాదు, బీరువాలో ఉన్నవాటినే కలిపి వేసుకోవడం గురించి. చాలామంది ఇళ్లల్లో ఒక పెడన కలంకారీ కుర్తా, ఒక పోచంపల్లి ఇక్కత్ చున్నీ, రెండు మూడు మంగళగిరి ప్లెయిన్లు ఉంటాయి, విడివిడిగా చూస్తే అన్నీ బాగుంటాయి, కలిపి వేసుకుని అద్దం ముందు నిలబడితే మాత్రం ఏంటో గోలగా ఉందే అనిపించి మళ్లీ మడతపెట్టేస్తాం. రెండు డిజైన్లు కలవలేదులే అనుకుంటాం గానీ, నన్నడిగితే చాలాసార్లు తప్పు ఆ ప్లెయిన్‌దే.

ఎందుకో తెలియాలంటే ఈ బట్టలు ఎలా తయారవుతాయో కొంచెం చూడాలి. పెడనలో చేసేది అద్దకం, అంటే బట్ట నేశాక దాని మీద చెక్క అచ్చుతో వేసే పని. ముందు బట్టని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రావణంతో నల్ల గీతలు అద్దుతారు, ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు, తర్వాత రంగు చెక్కలు, వేళ్లు వేసిన నీళ్లలో ఉడకబెడితే పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపు కొంచెం ఇటుక వైపు, గోధుమ వైపు ఉంటుంది. కరక్కాయ వల్ల బ్యాక్‌గ్రౌండ్ కూడా మల్లెపువ్వు తెలుపు కాదు, గంజి తెలుపు.

పోచంపల్లి, పుట్టపాక వైపు పని దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అక్కడ నేయకముందే నూలుకి రంగు వేస్తారు, డిజైన్ ప్రకారం నూలుని గట్టిగా కట్టేసి రంగులో ముంచితే కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగు, చివరికి మగ్గం మీద పోగులు కలిసినప్పుడు డిజైన్ కనిపిస్తుంది. పోగులు కాస్త అటూఇటూ జరుగుతాయి కాబట్టి అంచులు ఈకల్లా చెదిరినట్టుంటాయి, అదే దాని అందం. ఇప్పుడు ఎక్కువగా వాడేది కెమికల్ రంగులే, అందుకని ఇక్కత్ ఎరుపు నిండుగా, నిక్కచ్చిగా ఉంటుంది.

ఇక అసలు సంగతి. మీ దగ్గర గంజి తెలుపు మీద ఇటుక ఎరుపు పువ్వులు, నల్ల గీతలు, పువ్వు మధ్యలో చిన్న ఆవపిండి పసుపు చుక్క ఉన్న పెడన కుర్తా ఉందనుకోండి. చున్నీ ఎరుపు, నలుపు, తెలుపు గళ్ల ఇక్కత్. ప్యాంటుకి ఏ రంగు? షాపులో అడిగితే టక్కున మెరూన్ తీసిస్తారు, ఎరుపుకి ఎరుపు మ్యాచింగ్ కదా అని. ఇంటికొచ్చి వేసుకుంటే ఒంటి మీద మూడు ఎరుపులు, ఒకటి గోధుమ ఎరుపు, ఒకటి పచ్చి ఎరుపు, ఒకటి మెరూన్, పక్కపక్కన పడేసరికి పాపం కలంకారీ మాసిపోయినట్టు కనిపిస్తుంది, దాని తప్పేం లేకపోయినా. తెలుపు కూడా అంతే, తళతళలాడే తెల్ల లెగ్గింగ్ వేశారంటే ఆ గంజి తెలుపు ఉతకని బట్టలా కనిపిస్తుంది.

కాబట్టి నేను చేసేదేంటంటే, ప్రింట్‌లో అన్నిటికంటే తక్కువ ఉన్న రంగుని వెతుకుతా. ఇక్కడ అది పువ్వు మధ్యలోని పసుపు చుక్క. ప్యాంటు ఆ ఆవపిండి రంగు మంగళగిరిలో తీసుకుంటే, దూరం నుంచి కనిపించని ఆ చుక్క ఒక్కసారిగా పైకి తేలుతుంది, కుర్తా కొత్తదిలా ఉంటుంది. చున్నీ ఎరుపుది పక్కన పెట్టి నలుపు, హాఫ్‌వైట్ మాత్రమే ఉన్న ఇక్కత్ వేయండి, కుర్తాలో నల్ల గీత ఉంది కాబట్టి రెండూ అక్కడ కలుస్తాయి. ఎరుపు ఒక్కచోటే ఉండాలి, కుర్తాలో. ఎరుపు చున్నీ మీకు మరీ ఇష్టమైతే కలంకారీ మానేసి దాన్ని నల్ల ప్లెయిన్ కుర్తా మీద వేసుకోండి, అది వేరే డ్రెస్ అనుకోండి.

రంగు చూసేటప్పుడు బట్టని షాపు లైట్ల కింద కాకుండా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూడండి, కుర్తా కుట్టగా మిగిలిన ముక్క ఒకటి పర్సులో ఉంటే ఇంకా మంచిది. ఇంకోటి, మంగళగిరిలోనే కొన్ని ప్లెయిన్లు నిజంగా ప్లెయిన్ కాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేస్తారు, డబుల్ షేడ్ అంటాం కదా, బట్ట కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. చీరగా కట్టుకుంటే ఎంతో బాగుంటుంది, కానీ రెండు ప్రింట్ల మధ్య కంటికి కాస్త ఆగే చోటు కావాలని ప్లెయిన్ పెడుతున్నాం, అదే మెరుస్తూ మారుతుంటే కన్ను ఇంకెక్కడ ఆగుతుంది? బట్ట కొస పట్టుకుని వంచి చూడండి, మడత దగ్గర ఇంకో రంగు కనిపిస్తే అది డబుల్ షేడ్.

సైజు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు, పువ్వు పెద్దదైతే గడి చిన్నది, గడి పెద్దదైతే పువ్వు చిన్నది. రెండూ అరచేయంత ఉంటేనే కొట్టుకుంటాయి. చీర కట్టేవాళ్లకి ఇంకా తేలిక, ప్లెయిన్ మంగళగిరి చీరకి ఇక్కత్ జాకెట్టు వేస్తే సరిపోతుంది, అయితే జరీ అంచు పెద్దదైతే అదే ఇంకో డిజైన్ కింద లెక్క, అప్పుడు జాకెట్టు చిన్న గళ్లదే బాగుంటుంది.

రెండు బట్టలు ఒకే డ్రెస్‌లో కలిపి కుట్టించేవాళ్లకి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. కలంకారీ బాడీకి ఇక్కత్ యోక్ పెట్టించారనుకోండి, అసలైన అద్దకం బట్ట ఉడికి, ఉతికి, ఎండి వస్తుంది కాబట్టి కుదించుకుపోవాల్సినంత చాలావరకు ముందే కుదించుకుపోయి ఉంటుంది, ఇక్కత్ బట్ట మాత్రం గంజితో ఉంటుంది, మొదటి ఉతుకులో ఇక్కత్ కుదించుకుపోతుంది, కలంకారీ అంతగా కుదించుకుపోదు, కుట్టు దగ్గర ముడతలు పడతాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. అందుకని టైలర్‌కి ఇచ్చేముందే అన్ని ముక్కల్నీ, లైనింగ్‌తో సహా, విడివిడి బకెట్లలో రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేయండి. కలిసి ఒకే బకెట్‌లో వేయకండి.

రంగు దిగుతుందేమో కూడా అప్పుడే తేలిపోతుంది. తడి బట్ట కొసని పాత తెల్ల కాటన్ గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో ఒక్కసారి నొక్కండి, తెల్ల గుడ్డకి ఎరుపో నలుపో అంటుకుందంటే ఆ బట్టని హాఫ్‌వైట్ దానితో కలిపి కుట్టించకండి, వేరే పీస్‌గానే ఉంచుకోండి. కుర్తా, చున్నీ, ప్యాంటు వేరువేరుగా ఉంటే వేరువేరుగా ఉతుక్కోవచ్చు, ఒకే కుట్టులో ఉన్నవాటిని విడదీసి ఉతకలేం కదండీ.